ఎడమచేతి వైపు కాదు, సి గేటు

ఆదెయ్య ముప్పైఒక్క ఏళ్ళు ఆర్టీసీ బస్సులో కండక్టరుగా పనిచేశాడు. ఉదయగిరి డిపో. ఎక్కువ కాలం నెల్లూరు రూటు మీదే తిరిగాడు. బస్సు మర్రిపాడు దాటిందో, ఆత్మకూరు దగ్గరపడిందో అతను కిటికీలోంచి చూసి తెలుసుకునేవాడు కాదు. సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నా, మలుపులో ఒళ్ళు వాలిన తీరును బట్టి చెప్పేవాడు. "దర్గాకు పోయేవాళ్ళు లేవండమ్మా, ఇక్కడ దిగి పేట బస్సు ఎక్కాల" అని అతను కేకేశాడంటే, బయట ఎంత మంచు కమ్మినా అది ఆత్మకూరే. దిగాల్సిన చోట మనిషిని దింపటం అతనికి ఉద్యోగం అనిపించేది కాదు, ప్రార్థన లాంటిది. రిటైరయ్యాక కూడా తెల్లవారుజామున కలలో స్టేజీల పేర్లు పిలుస్తున్నాడని భార్య లిదియమ్మ నవ్వేది.

లిదియమ్మ అంగన్‌వాడీలో పనిచేసి మానుకున్న మనిషి. చిన్నప్పటి నుంచే ఆమెకు ఎడమ కన్ను అంతంత మాత్రం. ఉన్న ఒక్క కుడి కంటితోనే పిల్లలకు పాటలు నేర్పింది, చర్చిలో బైబిలు చదివింది. ఒక ఏడాది వరి కోతలప్పుడు చేజర్లలో చెల్లెలి ఇంటికి పోతే, కళ్ళంలో వడ్ల నుసి ఎగిరి ఆ కుడి కంట్లో పడింది. నలిపింది. రెండు రోజులకు ఎర్రబడింది, వారానికి పుండయింది. పుండు మానింది గానీ, మానిన చోట నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు పూసింది. ఆ తర్వాత ఆమెకు లోకమంతా పాలు ఒలికినట్టుగా అయింది. ఉదయగిరి కొండ ఒక నీడ. భర్త ముఖం ఇంకో నీడ, కాస్త దగ్గరగా.

నెల్లూరు డాక్టరు చూసి, పైపొర మార్చాలి, హైదరాబాదు పొండి అని ఒక పెద్ద కంటి ఆసుపత్రి పేరు రాసిచ్చాడు. "మెట్రో స్టేషన్ ఎదురుగానే ఉంటుంది, కష్టమేం లేదు" అన్నాడు.

ఎదురుగానే అన్న మాటను ఆదెయ్య అప్పటికి పెద్దగా పట్టించుకోలేదు.

పొద్దున్నే ఎల్బీనగర్‌లో బస్సు దిగి, ఇద్దరూ మియాపూర్ వైపు పోయే మెట్రో ఎక్కారు. రైలు ఊరి మీదుగా, మేడల కిటికీల పక్కగా, చప్పుడు లేకుండా పోతూ ఉంటే లిదియమ్మ అతని చెయ్యి పట్టుకుని, "ఏమయ్యా, మనం గాల్లో పోతా ఉండామా?" అంది.

"అవునే. కింద బస్సులు పోతా ఉండాయి, బొమ్మల మాదిరి."

"డ్రైవరు కనపడతాడా?"

"ఈ రైల్లో డ్రైవరూ కండక్టరూ ఎవరూ కనపడరు. ఎవరో ఒకమ్మాయి గొంతు మాత్రం వినపడతాది. స్టేజీ పేరు చెప్తా ఉండాది." ఆ గొంతు అతనికి నచ్చింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. కానీ పేరు చెప్పి ఊరుకుంటోంది. ఎటు పోవాలో చెప్పటం లేదు. తానైతే చెప్పేవాడు.

దిగాల్సిన స్టేషన్ వచ్చింది. రైలు వెలుగులోంచి ప్లాట్‌ఫారం వెలుగులోకి దిగారు. అక్కడి నుంచి మెట్లు కింది అంతస్తుకు పోతాయి. అది రోడ్డుకు పైన, పట్టాలకు కింద, గాల్లో వేలాడే పెద్ద హాలు. ఆ హాల్లో టికెట్టు మీది గళ్ళ బొమ్మను మిషన్‌కు చూపిస్తే రెక్కలు తెరుచుకున్నాయి. రెక్కలు దాటాక ఆదెయ్యకు దిక్కు తెలియలేదు. మెట్లు ఎటు తిరిగాయో, తను ఎటు చూస్తున్నాడో అంతుపట్టలేదు. జనం ఒక ఏరులా ఒకవైపు పోతున్నారు. అతను ఆ ఏటిలోనే భార్యను పట్టుకుని నడిచాడు. కదిలే మెట్లకు ఆమె భయపడితే, మామూలు మెట్ల మీద ఒక్కొక్కటే దిగారు. ముప్పైకి పైనే ఉన్నాయి.

కింద దిగి తలెత్తితే ఆసుపత్రి కనిపించింది. ఎదురుగానే. నీలం అక్షరాలు, అద్దాల గోడ, గేటు ముందు ఆటోలు. మధ్యలో రోడ్డు. ఆ రోడ్డు మధ్యన మెట్రో స్తంభాలు, స్తంభాల మధ్య మనిషి ఛాతీ ఎత్తు ఇనుప కంచె, కంచెకు అటూ ఇటూ ఆగని బండ్ల వరద. తెగి ఉన్న చోటంటూ లేదు. ఆదెయ్య ఒకసారి కాలు ముందుకు వేసి వెనక్కి తీశాడు.

"ఏంది, ఆగినావు?"

"ఆసుపత్రి ఆ పక్కన ఉండాది. మనం ఈ పక్కన ఉండాం."

తిరిగి పైకి ఎక్కితే మళ్ళీ టికెట్టు అడుగుతారేమో అనుకున్నాడు. ఎవరినో అడిగితే ముందు యూ టర్న్ ఉందన్నారు. ఆ యూ టర్న్ బండ్లకని, మనుషులకు కాదని అక్కడికి పోయాక గానీ తెలియలేదు. ఎండ ఎక్కింది. పేవ్‌మెంటు మీద టీ బండ్లు, పడుకున్న కుక్కలు, ఎత్తి పెట్టిన మ్యాన్‌హోలు మూతలు. అడుగడుగునా "ఇక్కడ దిగు, ఇక్కడ ఎక్కు" అని చెప్తూ ఆమెను నడిపించాడు. ముప్పావు గంట గడిచాక, చేసేదేమీ లేక, దిగిన మెట్ల దగ్గరికే వచ్చి, మళ్ళీ పైకి ఎక్కారు.

మెట్ల పైన బ్యాగులు చూసే సెక్యూరిటీ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. ఆదెయ్య చెమట తుడుచుకుంటూ, "అమ్మాయ్, ఆ పక్కకు పోవాలంటే టికెట్టు తీసుకోవాల్నా? ఆసుపత్రి అక్కడ ఉండాది" అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వింది. "మీది ఏ ఊరు పెదనాయనా? ఉండాది అంటా ఉండావు."

"ఉదయగిరి."

"మాది చేజర్ల" అంది ఆమె. ఆమె పేరు రేణుకాదేవి. పెళ్ళయ్యి ఇక్కడికి వచ్చి ఆరేళ్ళయిందట. లిదియమ్మ చెల్లెలి ఇల్లు చేజర్లలోనే అని తెలిసి ఇంకా దగ్గరికి వచ్చింది. "టికెట్టు అక్కర్లేదు. మిషన్లు దాటి లోపలికి పోయి రైలెక్కితేనే టికెట్టు. మిషన్లకు ఇవతల ఉండే ఈ హాలంతా రోడ్డు మీద వంతెన లెక్క. ఎవురైనా ఇట్టెక్కి అట్ట దిగొచ్చు."

అప్పుడు ఆమె చెయ్యి పైకెత్తి పచ్చటి బోర్డు చూపించింది. ఎ, బి, సి, డి అని నాలుగు అక్షరాలు. ఒక్కో అక్షరం పక్కన బాణం, ఆ వైపు ఏమేమి ఉన్నాయో తెలుగులో కూడా పేర్లు. ఎ, బి రోడ్డుకు ఈ పక్క దిగుతాయి. సి, డి ఆ పక్క. "ఆసుపత్రి పేరు సి దగ్గర రాసుండాది, చూడు. డి లో దిగినా ఆ పక్కనే గానీ, స్టేషన్ పొడుగునా మళ్ళీ వెనక్కి నడవాల. అమ్మకు మెట్లు కష్టమైతే లిఫ్టు సి పక్కనే ఉండాది."

సి గేటులో దిగితే ఆసుపత్రి గుమ్మానికి నలభై అడుగులు. లిదియమ్మ వాటిని లెక్కపెట్టింది.

ఆపరేషన్ అయింది. ఎవరో చనిపోయిన మనిషి కంటి పొరను తెచ్చి, వెంట్రుక కన్నా సన్నటి దారంతో ఆమె కంటికి కుట్టారు. కట్టు విప్పిన రోజు ఆమె మొదట అడిగింది ఒక్కటే. "ఎవరిదంట?" చెప్పరు అన్నాడు ఆదెయ్య. అప్పటి నుంచి ఆమెకు ఒక ఆలోచన పట్టుకుంది. ఆ మనిషి ఈ ఊళ్ళోనే ఉండేవాడేమో, ఈ రైల్లోనే తిరిగేవాడేమో, ఈ హాలు ఈ కంటికి ముందే తెలుసేమో అని. సి గేటు వైపు నడుస్తున్నప్పుడు ఆమె ఒక్కోసారి ఆగి, తెలిసినవాళ్ళ పిలుపు వినబడ్డట్టుగా తల తిప్పేది.

కంటికి వేసిన కుట్లు ఒకేసారి తియ్యరు. మొదట వారం వారం, తర్వాత నెల నెలా, ఆ తర్వాత మూడు నెలలకోసారి పోవాలి. అన్నిసార్లు పోయేసరికి ఆదెయ్యకు ఆ స్టేషన్ ఒంటికి పట్టింది. దిగటం, కిందికి రావటం, మిషన్ దాటి ఎడమచేతికి తిరగటం. ఆత్మకూరు మలుపు తెలిసినట్టే తెలిసింది. బోర్డు చూడటం మానేశాడు. ఉదయగిరిలో మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుంటే, ఆ హాలు మెల్లగా కొండ మీదికి దిగివచ్చేది. చల్లటి నేల, పైన రైలు పోతుంటే గోడల్లో సన్నటి వణుకు, కింద ఎక్కడో సముద్రంలా రోడ్డు. ఎవరూ లేని ఆ హాల్లో అతను ఒక్కడే ఎడమచేతికి తిరిగి నడుస్తూ ఉండేవాడు.

చుట్టుపక్కల ఊళ్ళలో కళ్ళ జబ్బులకు కొదవ లేదు. ఆసుపత్రికి పోయేవాళ్ళు ముందు ఆదెయ్యను అడగటం మొదలుపెట్టారు. అతను సంతోషంగా చెప్పేవాడు. చాలాకాలం తర్వాత మళ్ళీ డ్యూటీ ఎక్కినట్టుండేది.

కొండాపురం సైమన్ కూడా అలాగే అడిగాడు. పొగాకు పండించే రైతు, లిదియమ్మకు వరసకు అన్న కొడుకు. అతని తల్లి ఓబులమ్మకు కంట్లో నీటి ఒత్తిడి ఎక్కువై చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. ఆ జబ్బు చూసే డాక్టరు బుధవారం ఒక్కరోజే వస్తారు. తొమ్మిదిన్నరకు చీటీలు ఆపేస్తారు.

"ఏమీ లేదురా" అన్నాడు ఆదెయ్య. "రైలు దిగు, కిందికి రా, మిషన్ దాటి ఎడమచేతికి తిరుగు. కళ్ళు మూసుకుని పోవచ్చు."

ఆ బుధవారం తొమ్మిదింటికి ఫోన్ మోగింది.

"మామా, నువ్వు చెప్పినట్టే ఎడమచేతికి తిరిగి దిగినా. ఆసుపత్రి యాడుండాది?"

"ఎదురుగానే ఉండాది కదరా."

"ఎదురుగానే ఉండాది మామా. మధ్యలో రోడ్డు ఉండాది."

ఆదెయ్యకు ఆ రోడ్డు, ఆ కంచె, ఆ ఎండ కళ్ళ ముందు నిలబడ్డాయి. "నువ్వు కుడికి తిరిగినావేమో" అన్నాడు.

"మా అమ్మ మీద ఒట్టు, ఎడమకే తిరిగినా."

"సరే, ఆ మెట్లే ఎక్కి ఆ పక్కకు..." అని అంటుండగానే, "యూ టర్న్ కోసమని దూరం నడిచొచ్చినాం మామా, అమ్మ ఇక నడవలేకుండా కూలబడింది" అన్నాడు సైమన్. ఆటో దొరికి, చుట్టు తిరిగి గుమ్మం చేరేసరికి పది కావస్తోంది. చీటీలు ఆపేశారు. మళ్ళీ బుధవారం రమ్మన్నారు.

సాయంత్రం సైమన్ మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ. "నీ మాట నమ్మి బోర్డు కూడా చూడలేదు మామా. వారం రోజులు అమ్మను కూకట్‌పల్లిలో బామ్మర్ది ఇంట్లో పెట్టుకుని కూర్చోవాల. రోజురోజుకు చూపు తగ్గతా ఉండాదని ఆమె ఏడుస్తా ఉండాది."

ముప్పైఒక్క ఏళ్ళలో మనిషిని తప్పు చోట దింపిన గుర్తు ఆదెయ్యకు లేదు. మర్నాడంతా వాకిట్లో కూర్చుని తన ఎడమ చేతిని అలా చూస్తూ ఉండిపోయాడు. ఎక్కడ తప్పాడో తెలియలేదు. లిదియమ్మ పక్కన కూర్చుంది. "మంగళవారం మనకెట్టాగూ కంటి పరీక్ష ఉండాది. పోయి చూసుకుందాం" అంది.

మంగళవారం ఆసుపత్రిలో ఆమె కంట్లో మందు వేయించుకుని బెంచీ మీద కళ్ళు మూసుకుంది. కంటిపాప పెద్దదయ్యే దాకా రెండు గంటలు పడుతుంది. ఆదెయ్య సి గేటు ఎక్కి స్టేషన్లోకి వచ్చాడు. టికెట్టు తీసుకుని మియాపూర్ దాకా పోయాడు. ఎందుకు పోతున్నాడో తనకే సరిగా తెలియదు. సైమన్ కూకట్‌పల్లిలో బామ్మర్ది ఇంటి నుంచి, అంటే ఆ వైపు నుంచే కదా వచ్చాడు, తనూ ఆ వైపు నుంచే వచ్చి చూద్దామని. మియాపూర్‌లో దిగి, మళ్ళీ టికెట్టు తీసుకుని, ఎల్బీనగర్ పోయే రైలెక్కాడు.

తిరుగు రైల్లో జనం తక్కువ. మధ్యాహ్నపు వెలుగు ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి జారుతోంది. మేడలు, ట్యాంకులు, ఆరేసిన చీరలు ఎదురు వచ్చి మాయమవుతున్నాయి. ఇన్నాళ్ళూ అటు చూసిన ఊరినే ఇప్పుడు ఇటు నుంచి చూస్తుంటే, తన ఇంట్లోకి దొడ్డిదారిన వచ్చినట్టుగా ఉంది. రైలు ఆగింది. దిగాడు. అది ఎప్పుడూ దిగే ప్లాట్‌ఫారం కాదు. పట్టాలకు ఆవల, తను వచ్చినప్పుడల్లా దిగే చోటు కనిపిస్తోంది.

మెట్లు దిగాడు. మిషన్ దాటాడు. కళ్ళు మూసుకుని ఎడమచేతికి తిరిగి ఇరవై అడుగులు వేశాడు. కళ్ళు తెరిస్తే ఎదురుగా పెద్దగా, పచ్చగా, ఎ.

అలాగే నిలబడిపోయాడు. హాలు మొత్తం అతని చుట్టూ ఒకసారి మెల్లగా తిరిగి ఆగినట్టయింది.

రేణుకాదేవి కుర్చీలోంచి పిలిచింది. "ఏం పెదనాయనా, ఈ పక్క వచ్చినావు?"

అతను చెప్పాడు. సైమన్ సంగతి, ఓబులమ్మ ఏడుపు, అంతా. ఆమె విని, "అటు నుంచి వచ్చే రైలు వేరే ప్లాట్‌ఫారం మీద కదా ఆగేది. దిగినోళ్ళ ముఖం ఇటు తిరిగుంటాది" అంది. "నీ ఎడమ వాళ్ళకు కుడి. అందుకే మేం ఎవురికీ ఎడమా కుడీ చెప్పం. అక్షరం చెప్తాం. నువ్వు ఏ రైల్లో వచ్చినా సి ఆడనే ఉంటాది."

"నువ్వు మొదటి రోజే చెప్పినావు తల్లీ. నేనే మరిచినా."

హాలు మధ్యకు వచ్చి అతను చాలాసేపు నిలబడ్డాడు. రెండు వైపుల నుంచి జనం దిగుతున్నారు. ఒకళ్ళకు ఎడమ, ఒకళ్ళకు కుడి. ఒకే గుమ్మానికి రెండు రైళ్ళ వాళ్ళు రెండు చేతులు చాపుతున్నారు. ఆ రోజు అతను బోర్డు మీది ప్రతి పేరూ చదివాడు, బడిలో కొత్తగా చేరినవాడిలా. బాణం ఎటు చూపిస్తోందో చూశాడు. ఏ గేటుకు లిఫ్టు ఉందో, దేనికి కదిలే మెట్లు పైకి మాత్రమే వస్తాయో చూసి, చీటీ వెనక రాసుకున్నాడు. అప్పుడే సైమన్‌కు ఫోన్ చేశాడు.

"తప్పు నాదేరా. ఎడమ, కుడి మరిచిపో. మిషన్ దాటినాక నిలబడు, జనం వెంట పోవద్దు. తల పైకెత్తు. పచ్చ బోర్డు మీద సి. పక్కన ఆసుపత్రి పేరు తెలుగులో ఉంటాది. అది చదివినాకే కాలు కదుపు. అమ్మను లిఫ్టులో దించు."

"సి" అన్నాడు సైమన్.

"సి."

ఆ రాత్రికి ఊరికి పోవాల్సిన వాళ్ళు ఆగిపోయారు. ఆసుపత్రి వాళ్ళ సత్రంలో పడుకుని, బుధవారం పొద్దున ఎనిమిదింటికే ఆదెయ్య, లిదియమ్మ హాల్లో మిషన్లకు ఇవతల నిలబడ్డారు. సైమన్‌కు చెప్పలేదు. ఎనిమిది ఇరవైకి సైమన్ తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. మిషన్ దాటాడు. జనం అతన్ని ఒరుసుకుంటూ ఒక పక్కకు పోతున్నారు. అతను కదల్లేదు. తలెత్తి, పెదాలు కదుపుతూ చదివాడు. తర్వాత కుడిచేతికి తిరిగాడు. ఓబులమ్మ చెంగు నేలకు తాకుతూ, ఇద్దరూ నెమ్మదిగా లిఫ్టు తలుపు దాకా పోయి లోపలికి వెళ్ళారు.

ఆదెయ్య పిలవబోయి ఊరుకున్నాడు.

"పిలవలేదేం?" అంది లిదియమ్మ.

"దారి తెలిసినోడిని ఆపటం ఎందుకులే. చీటీ తీసుకోనీ, తర్వాత కలుద్దాం."

ఆ రోజు ఓబులమ్మకు డాక్టరు చుక్కల మందు రాసి, పోయిన చూపు రాదు గానీ ఉన్నది నిలబడుతుందని చెప్పారు. ఆమె ఆదెయ్యను చూసి, "ఏం ఆదెయ్యా, మొన్న నన్ను బలే తిప్పినావే" అని వీపు మీద ఒక్కటి వేసింది. అతను దెబ్బ తిని నవ్వాడు. ఆ వారం రోజుల్లో అతను నవ్వటం అదే మొదలు.

తర్వాత ఏడాదికి లిదియమ్మ ఆఖరి కుట్టు తీసేశారు. కళ్ళజోడు ఇచ్చారు. బయటికి వచ్చి ఇద్దరూ స్టేషన్ ఎక్కారు. ఆ సాయంత్రం వాన కురిసి వెలిసింది. హాలు కిటికీల్లోంచి తడిసిన రోడ్డు మీద బండ్ల దీపాలు పూసల్లా జారుతున్నాయి. వాళ్ళకు చిక్కడపల్లి రామాలయం వీధిలో పాత అంగన్‌వాడీ స్నేహితురాలి ఇంటికి పోయే పని ఉంది. ఆ స్టేషన్లో ఆదెయ్య ఎప్పుడూ దిగలేదు. రైల్లో అతను నలుగురిని దారి అడిగి పెట్టుకుందామని లేచాడు. ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

మధ్యలో రైలు మారి, కొత్త స్టేషన్లో దిగి మిషన్ దాటాక, ఆదెయ్య అలవాటుగా ఆమె మోచెయ్యి పట్టుకోబోయాడు. ఆమె అప్పటికే పక్కకు జరిగి, బోర్డు కింద నిలబడి, కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుంటోంది. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, బాణాలు. ఒక్కొక్కటే తీరిగ్గా, పైకి వినబడేలా, పిల్లలకు పలకమీద చూపించినట్టు చదివింది. ఎవరిదో తెలియని ఆ కన్ను, ఆమె కన్ను అయిన ఆ కన్ను, వాన వెలుగులో మెరిసింది.

"బి" అంది. "రామాలయం వీధి, బి."

"చూసినావా సరిగ్గా? అది రోడ్డుకు మనకు కావాల్సిన పక్కనే..."

"చదివినాను కదయ్యా" అని ఆమె ముందు నడిచింది. ఆదెయ్య ఆమె చీర కుచ్చెళ్ళ వైపు చూస్తూ, రెండడుగుల వెనక, మెట్లు దిగాడు.